ముందు గళ్లు గీద్దాం

బ్యాంకు పీవో పరీక్షల్లో వచ్చే కేస్‌లెట్‌లో పట్టిక ఉండదు, పేరా ఉంటుంది. పట్టిక మనమే గీసుకోవాలి. గళ్లు గీస్తే టైం పోతుందని మాలో కొందరంటారు. గీయాల్సిందేనని మేమంటాం. అయితే గీసినా తప్పు దొర్లే చోటు ఒకటుంది.

స్టడీ అవర్లో మేమే కట్టుకున్న లెక్క చూడండి. ఒక హాల్లో 200 మంది ఉన్నారు. నల్లగొండ వారు 120, మిగతా 80 మంది మహబూబ్‌నగర్ వారు. అందరూ ఇంటర్ లేదా డిగ్రీ చదువుతున్నారు. నల్లగొండ వారిలో 45 శాతం ఇంటర్. ఇంటర్ వారిలో 40 శాతం మహబూబ్‌నగర్ వారు.

మొదటి గడిలో 54 సులువుగానే పడింది. తర్వాత మాలో సగం మంది 80లో 40 శాతం తీసి 32 వేశారు. డిగ్రీ గళ్లలో 66, 48 వచ్చాయి. కూడితే సరిగ్గా 200! అందుకే ఎవరికీ అనుమానం రాలేదు.

పేరా అన్నది 'ఇంటర్ వారిలో' అని. అంటే నల్లగొండ వారి 54 ఇంటర్ మొత్తంలో 60 శాతం. ఇంటర్ మొత్తం 90, అందులో మహబూబ్‌నగర్ వారు 36, డిగ్రీలో 44. మొత్తం కలిసిందని ఊరుకోకుండా, గళ్లు నిండాక పేరాలోని వాక్యాన్ని మళ్లీ పట్టికలో వెతకాలి. 86లో 32 అంటే 37 శాతమే, 40 కాదు. తప్పు అక్కడే దొరికింది.