రెండేళ్లు కిస్తీ కట్టినా అప్పు మూడో వంతే తీరింది: బహ్రెయిన్ లోన్ స్టేట్‌మెంట్ ఎలా చదవాలి

బహ్రెయిన్‌లో ప్రైవేటు కంపెనీల్లో పనిచేసే విదేశీ కార్మికుల సర్వీసు ముగింపు డబ్బు విషయంలో 2024 మార్చి నుంచి పద్ధతి మారింది. అంతకుముందు ఉద్యోగం వదిలేటప్పుడు యజమాని ఆ డబ్బు లెక్కగట్టి చేతికి ఇచ్చేవాడు. ఇప్పుడు కంపెనీ ప్రతి నెలా మన పేరున సామాజిక బీమా సంస్థకు, అంటే ఎస్‌ఐఓకు, కట్టాలి. మొదటి మూడేళ్లు జీతంలో 4.2 శాతం, ఆ తర్వాత 8.4 శాతం. ఉద్యోగం ముగిసినప్పుడు ఆ డబ్బు ఎస్‌ఐఓ నుంచే కార్మికుడికి వస్తుంది.

దీంతో చాలామంది ఒక లెక్క వేసుకుంటున్నారు. "బ్యాంకు లోన్ రెండేళ్ల నుంచి కడుతున్నా. సగం తీరే ఉంటుంది. వెళ్లేటప్పుడు వచ్చే డబ్బుతో మిగతాది కట్టేసి ఇంటికి పోతా" అని. ఈ లెక్క ఎక్కడ తప్పుతుందో తెలియాలంటే బ్యాంకు ఇచ్చే రీపేమెంట్ షెడ్యూల్ తెరిచి చూడాలి. లోన్ ఇచ్చేటప్పుడు సంతకాలు పెట్టించుకున్న కాగితాల్లో, నెలవారీగా వరసలు ఉన్న పట్టిక అదే. దాన్నే అమోర్టైజేషన్ షెడ్యూల్ అని కూడా అంటారు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. 250 దినార్ల జీతగాడు 3,000 దినార్ల లోన్ తీసుకున్నాడు. ఐదేళ్లు, అంటే 60 కిస్తీలు. వడ్డీ ఏడాదికి 12 శాతం, తగ్గుతున్న అసలు మీద. మన ఊరి లెక్కలో చెప్పాలంటే నూటికి నెలకు రూపాయి మిత్తి. కిస్తీ 66.733 దినార్లు, అంటే 66 దినార్ల 733 ఫిల్స్. ఐదేళ్లూ కిస్తీ ఒకటే. మారేది దాని లోపలి వాటాలే.

షెడ్యూల్‌లో ప్రతి వరసలో నాలుగు అంకెలు చూడాలి: కిస్తీ, అందులో ఇంటరెస్ట్ అంటే వడ్డీ, ప్రిన్సిపల్ అంటే అసలు, చివర బ్యాలెన్స్ అంటే ఇంకా మిగిలిన అసలు. మొదటి నెల 3,000 మీద ఒక శాతం, అంటే 30 దినార్లు వడ్డీకి పోతుంది. కట్టిన 66.733లో మిగిలిన 36.733 మాత్రమే అసలులో తగ్గుతుంది. బ్యాలెన్స్ 2,963.267 అవుతుంది. రెండో నెల ఆ బ్యాలెన్స్ మీద వడ్డీ 29.633, అసలుకు 37.100. ఇలా ప్రతి నెలా వడ్డీ కొంచెం తగ్గుతూ, అసలు కొంచెం పెరుగుతూ పోతుంది. అరవయ్యో కిస్తీకి వచ్చేసరికి వడ్డీ ఒక దినార్ కూడా ఉండదు.

ఇందులో బ్యాంకు మోసమేమీ లేదు. మొదట్లో అప్పు పెద్దది కాబట్టి వడ్డీ పెద్దది, అంతే. అయితే దీని ఫలితం కాంట్రాక్టు మీద వచ్చినవాళ్ల మీదే ఎక్కువ పడుతుంది. మొదటి ఏడాది కట్టిన సుమారు 801 దినార్లలో 335 వడ్డీకే పోయింది. చివరి ఏడాది అదే 801లో వడ్డీ 50 దినార్లే. ఐదేళ్లూ ఇక్కడే ఉండేవాడికి ఈ రెండూ కలిసిపోతాయి. రెండేళ్లకే వెళ్లిపోయేవాడికి మాత్రం వడ్డీ ఎక్కువున్న నెలలే మిగులుతాయి.

రెండేళ్ల చివర నిలబడి చూస్తే లెక్క ఇలా ఉంటుంది. ఇప్పటిదాకా 24 కిస్తీల్లో సుమారు 1,602 దినార్లు కట్టాడు. అందులో వడ్డీ 611, అసలు 991. ఇంకా ఉన్న అప్పు 2,009 దినార్లు. అంటే సగం కాదు, మూడో వంతే తీరింది. 250 దినార్ల జీతం మీద 4.2 శాతం చొప్పున రెండేళ్లకు ఎస్‌ఐఓలో జమ అయ్యేది సుమారు 252 దినార్లు, ఒక నెల జీతం. అప్పుకూ ఆ డబ్బుకూ మధ్య 1,750 దినార్లకు పైగా తేడా ఉంది. ఈ తేడా విమానం ఎక్కే వారంలో తెలిస్తే చేయగలిగింది తక్కువ. బ్యాంకు కేసు వేస్తే కోర్టు ప్రయాణ నిషేధం పెట్టే అవకాశం కూడా ఉంటుంది.

వడ్డీ శాతం చెప్పేటప్పుడే మొదటి తేడా

లోన్ అమ్మడానికి క్యాంపుకో, ఆఫీసుకో వచ్చేవాళ్లు కొన్నిసార్లు ఫ్లాట్ రేటు చెబుతారు. పై లోన్‌లో మొత్తం వడ్డీ 1,004 దినార్లు. దాన్ని ఐదేళ్లకు పంచి, 3,000తో భాగిస్తే ఏడాదికి 6.7 శాతం వస్తుంది. ఊళ్లో అర్ధ రూపాయి మిత్తి కంటే కాస్త ఎక్కువ అన్నట్టు అనిపిస్తుంది. కానీ ఫ్లాట్ లెక్క చివరి నెల దాకా 3,000 మన దగ్గరే ఉన్నట్టు అనుకుంటుంది. నిజానికి ప్రతి నెలా కొంత తిరిగి ఇచ్చేస్తున్నాం. అందుకే 6.7 శాతం ఫ్లాట్, 12 శాతం తగ్గే వడ్డీ, ఈ రెండూ ఒకే లోన్. ఏది చెప్పారో తెలుసుకోవడానికి షెడ్యూల్ మొదటి వరస చాలు. మొదటి నెల వడ్డీని 12తో గుణించి, లోన్ మొత్తంతో భాగించండి. 30 గుణించు 12 అంటే 360. అది 3,000లో 12 శాతం.

మొదటి నెల వడ్డీ కొంచెం ఎక్కువగా కనిపిస్తే వెంటనే తప్పు అనుకోవద్దు. డబ్బు అకౌంట్‌లో పడ్డ రోజుకూ మొదటి కిస్తీకీ మధ్య 40, 45 రోజులు ఉంటే అన్ని రోజులకూ వడ్డీ వేస్తారు. అప్పుడు రెండో వరసతో లెక్క చూడండి. ఇస్లామిక్ బ్యాంకు అయితే వడ్డీ అనరు, ప్రాఫిట్ అంటారు. కొన్ని స్టేట్‌మెంట్లలో ఆ ప్రాఫిట్ మొత్తాన్ని మొదటే కలిపి 4,004 బాకీ అని చూపిస్తారు. అలాంటప్పుడు ఈరోజు తీర్చేస్తే ఎంత తగ్గిస్తారో బ్యాంకును కాగితం మీద అడగాలి.

షెడ్యూల్ ఒకటి, స్టేట్‌మెంట్ ఒకటి

షెడ్యూల్ అనేది ముందే వేసిన లెక్క. స్టేట్‌మెంట్ అంటే నిజంగా జరిగింది. రెండూ పక్కపక్కన పెట్టి, ఒకే నెల బ్యాలెన్స్ చూడాలి. స్టేట్‌మెంట్‌లో బ్యాలెన్స్ ఎక్కువ ఉంటే ఎక్కడో కిస్తీ ఆలస్యమైంది, లేదా రుసుము పడింది, లేదా వాయిదా తీసుకున్నారు.

వాయిదా సంగతి బహ్రెయిన్‌లో కరోనా సమయంలో బాగా తెలిసొచ్చింది. 2020 మార్చిలో సెంట్రల్ బ్యాంక్ ఆఫ్ బహ్రెయిన్ ఆరు నెలల కిస్తీల వాయిదా ప్రకటించింది. ఆ ఆరు నెలలకు అదనపు వడ్డీ వేయలేదు, ఆ నష్టం బ్యాంకులే భరించాయి. తర్వాత ఆ వెసులుబాటును 2020 డిసెంబర్ వరకు పొడిగించారు. ఈసారి మాత్రం వడ్డీ పడింది. ఆ తర్వాత కూడా విడతలుగా 2022 జూన్ దాకా పొడిగింపులు వచ్చాయి. పేరు ఒకటే అయినా మొదటి వాయిదా వేరు, తర్వాతవి వేరు.

మన ఉదాహరణలో 12 కిస్తీలు కట్టాక బ్యాలెన్స్ 2,534 దినార్లు. అక్కడ నాలుగు నెలలు వడ్డీతో వాయిదా తీసుకుంటే, వడ్డీ మీద వడ్డీ వేయకపోయినా, నెలకు 25 దినార్ల 341 ఫిల్స్ చొప్పున 101 దినార్లు పేరుకుంటాయి. మళ్లీ కట్టడం మొదలుపెట్టాక బ్యాంకు ముందు ఆ వడ్డీనే వసూలు చేసుకుంటే, మొదటి కిస్తీ మొత్తం, రెండో కిస్తీలో సగం పైగా దానికే పోతుంది. "కిస్తీ కట్టాం, బ్యాలెన్స్ కదల్లేదేంటి" అని అనిపించేది ఇక్కడే. స్టేట్‌మెంట్‌లో అక్రూడ్ ఇంటరెస్ట్, డిఫర్డ్ ఇంటరెస్ట్ లాంటి మాట ఉందేమో చూడండి. ఇప్పుడైనా, మరెప్పుడైనా ఒక నెల కిస్తీ ఆపుతామని బ్యాంకు చెబితే అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఆ నెల వడ్డీ నడుస్తుందా, ఆగుతుందా?

టాప్-అప్‌తో లెక్క మళ్లీ మొదటికి

ఇంటి స్లాబుకో, చెల్లెలి పెళ్లికో డబ్బు కావాలంటే బ్యాంకు టాప్-అప్ ఇస్తానంటుంది. 24 కిస్తీల తర్వాత 2,009 బాకీ ఉన్న మన జీతగాడు మళ్లీ 3,000 దినార్ల లోన్‌కు ఒప్పుకుంటే చేతికి వచ్చేది 991 మాత్రమే. మిగతాది పాత అప్పు తీర్చడానికే పోతుంది. కిస్తీ అదే 66.733, కాబట్టి భారం పెరిగినట్టు అనిపించదు. కానీ పాత షెడ్యూల్‌లో 25వ కిస్తీలో వడ్డీ 20 దినార్లే ఉండేది, అసలు 46 దినార్లకు పైగా తగ్గేది. కొత్త షెడ్యూల్‌లో మళ్లీ 30 దినార్ల వడ్డీతో మొదలు. ఇంకో మూడేళ్లలో అయిపోవాల్సింది ఐదేళ్లకు పోయింది. రెండేళ్లకోసారి ఇలా చేస్తే ఎప్పుడూ వడ్డీ ఎక్కువున్న నెలల్లోనే ఉండిపోతాం.

దీనికి ఎదురు దారి ముందుగా కట్టడం. ఏడాది చివర, 12 కిస్తీల తర్వాత, ఓవర్‌టైమ్ డబ్బులో 200 దినార్లు అదనంగా అసలుకు కడితే మిగిలిన 48 కిస్తీలు 43 నిండు కిస్తీలకూ, చివర ఒక చిన్న కిస్తీకీ తగ్గుతాయి. మిగిలేది సుమారు 116 దినార్లు. అదే 200 నాలుగేళ్ల తర్వాత కడితే మిగిలేది 23 దినార్లే. అయితే కట్టేటప్పుడు రెండు విషయాలు తేల్చుకోవాలి. మొదటిది, ఆ డబ్బు అసలులో తగ్గిస్తున్నారా, లేక వచ్చే నెలల కిస్తీలుగా పక్కన పెడుతున్నారా? రెండోది, ముందుగా కట్టినందుకు రుసుము ఎంత? రుసుము మిగిలే వడ్డీ కంటే తక్కువైతేనే లాభం.

వెళ్లే ఆలోచన ఉన్నవాళ్లు కాంట్రాక్టు ముగియడానికి కనీసం ఆరు నెలల ముందు బ్యాంకులో సెటిల్‌మెంట్ లెటర్ అడగాలి. ఫలానా తేదీకి మొత్తం తీర్చడానికి ఎంత కట్టాలో అందులో రాసి ఉంటుంది. ఎస్‌ఐఓలో మీ పేరున ఎంత జమ అయిందో కూడా అప్పుడే చూసుకోవాలి. 2024 మార్చికి ముందు సర్వీసు ఉంటే ఆ డబ్బు యజమానే ఇవ్వాలి, అది వేరుగా లెక్క పెట్టుకోండి. ఈ మొత్తాలను సెటిల్‌మెంట్ అంకె పక్కన రాస్తే ఎంత తక్కువ పడుతుందో తెలుస్తుంది. అది సర్దుకోవడానికి ఆరు నెలల టైమ్ ఉంటుంది. మొత్తం కట్టేశాక అప్పు లేదని బ్యాంకు ఇచ్చే క్లియరెన్స్ లెటర్ చేతికి తీసుకోకుండా దేశం వదలొద్దు.