ఆ రిపోర్టు మీ అబ్బాయిదేనా?

‘మీ బాబులో మంచి ప్రతిభ ఉంది, కానీ పూర్తిగా బయటికి రావడం లేదు. ఇష్టమైన విషయాన్ని ఇట్టే నేర్చుకుంటాడు. ఒత్తిడి పెడితే మొండికేస్తాడు.’ పిల్లల పది వేళ్ల ముద్రలు తీసుకుని, వేలకు వేలు ఫీజు కట్టించుకుని ఇచ్చే రిపోర్టుల్లో ఇలాంటి వాక్యాలు బోలెడు. చదివిన తల్లి ‘అచ్చం మా వాడే’ అంటుంది. నిజమే, వాడే. పక్కింటి పిల్లాడూ అంతే, వాళ్ల నాన్నా అంతే.

1948లో అమెరికాలో బెర్ట్రమ్ ఫోరర్ అనే మనస్తత్వ శాస్త్ర అధ్యాపకుడు తన తరగతిలోని 39 మంది విద్యార్థులకు ఒక పరీక్ష పెట్టారు. వారం తర్వాత ఎవరి పేరుతో వాళ్లకు వ్యక్తిత్వ విశ్లేషణ చేతికిచ్చి, అది ఎంతవరకు సరిపోయిందో 5కు మార్కులు వేయమన్నారు. సగటున 4.26 వచ్చింది. అప్పుడు అసలు సంగతి చెప్పారు. అందరికీ ఇచ్చింది ఒకే కాగితం! అందులోని వాక్యాల్లో చాలావరకు బజారులో దొరికే జాతకాల పుస్తకం నుంచి తీసినవే. ఇలా అందరికీ వర్తించే మాటల్ని మన గురించే అనుకోవడాన్ని ‘బార్నమ్ ఎఫెక్ట్’ అంటారు. బార్నమ్ అమెరికాలో పేరుమోసిన సర్కస్ యజమాని.

ఆ విద్యార్థులు తెలివితక్కువవాళ్లు కారు. ఆ వాక్యాలు అబద్ధాలూ కావు. చిక్కంతా అక్కడే ఉంది. ‘సరిగ్గా చెప్పారు’ అని మనకు అనిపించినంత మాత్రాన పరీక్ష పనిచేసినట్టు కాదు.

1974లో సి.ఆర్. స్నైడర్ అనే శాస్త్రవేత్త మరో సంగతి గమనించారు. అదే జాతకాన్ని ‘అందరికీ వర్తించేది’ అని ఇచ్చినప్పటికంటే, ‘మీరు పుట్టిన సంవత్సరం, నెల, తేదీ చూసి రాసింది’ అని ఇచ్చినప్పుడు జనం ఎక్కువగా నమ్మారు. పది వేళ్లూ స్కాన్ చేయడంలో ఉన్న ఆకర్షణ ఇదే. వేలి గీతలు తల్లి కడుపులోనే ఏర్పడతాయి, ఒక్కొక్కరివి ఒక్కోలా ఉంటాయి, అంతవరకు నిజం. వాటిని బట్టి తెలివితేటలు చెప్పవచ్చనడానికి శాస్త్రీయ ఆధారం లేదు. ‘చూసి నేర్చుకునే శక్తి 41 శాతం’ అని అంకె వేసినా మోసపోవద్దు. అది 41 కాదు, 30 అని తేల్చడానికి మనం ఏం చేయాలి? ఏమీ చేయలేం. అంకె కచ్చితంగా కనిపిస్తుంది కానీ పరీక్షకు నిలబడదు.

శ్రద్ధగా పనిచేసే సైకాలజిస్టు ఎలా చెబుతారో ఒక ఉదాహరణగా చూద్దాం. నాలుగో తరగతి అబ్బాయి. లెక్కల్లో వెనకబడ్డాడని తీసుకొచ్చారు. ముందుగా కంటిచూపు, వినికిడి పరీక్ష చేయించారు, రెండూ బాగున్నాయి. రెండో తరగతి పాఠం చదవమంటే వంద మాటల్లో ఇరవై తప్పు చదివాడు. తప్పుల్లో ఎక్కువ ఒత్తుల దగ్గరే. అంతే కష్టమున్న మరో పాఠాన్ని చదివి వినిపిస్తే పది ప్రశ్నల్లో తొమ్మిదింటికి జవాబు చెప్పాడు. అప్పుడు రిపోర్టులో ఇలా ఉంటుంది: ‘విన్నది అర్థం చేసుకోవడంలో ఇబ్బంది లేదు. అక్షరాన్ని మాటగా మార్చుకునే చోట ఆగిపోతున్నాడు. లెక్కల్లో వెనకబడటానికీ ఇదే కారణమైతే, రాతలెక్కల్ని చదివి వినిపించినప్పుడు బాగా చేయాలి.’

ఇందులో పొగడ్త లేదు. కానీ దీన్ని ఇంట్లోనే పరీక్షించవచ్చు. ఒకే స్థాయి రాతలెక్కలు పది తీసుకుని, ఐదు వాడినే చదివి చేయమనండి, ఐదు మీరు చదివి వినిపించండి. ఒకటి విడిచి ఒకటి ఇస్తే మంచిది, లేకపోతే చివరికొచ్చేసరికి అలసట కలిసిపోతుంది. ఒక్క ఆదివారంతో తేల్చేయకుండా రెండు మూడుసార్లు చూడండి. విన్నవి నాలుగు చేసి, చదివినవి ఒకటే చేస్తుంటే సైకాలజిస్టు మాటకు బలం వచ్చినట్టే. రెండు రకాలూ ఒకేలా తప్పుతుంటే ఆ వివరణ తప్పు. అప్పుడు లెక్కల పునాదిలోనో, ఏకాగ్రతలోనో వెతకాలి. ఇలా తప్పని తేలే అవకాశం ఉంది కాబట్టే ఆ మాటకు విలువ. ‘ఇష్టమైనది ఇట్టే నేర్చుకుంటాడు’ అన్నది ఎన్నటికీ తప్పు కాదు. నేర్చుకుంటే ఇష్టమైందంటారు, నేర్చుకోకపోతే ఇష్టం లేదంటారు.

రిపోర్టు చేతికొచ్చాక పేరు కనబడకుండా మడిచి, మీ వాడిని బాగా తెలిసిన పిన్నికో బాబాయికో అదే వయసున్న మరో పిల్లాడి రిపోర్టుతో కలిపి ఇవ్వండి. ఏది ఎవరిదో వాళ్లు చెప్పలేకపోతే మీరు కట్టిన ఫీజు దేనికో ఆలోచించుకోవాలి. ఇక సైకాలజిస్టును తప్పక అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ‘మీరు చెప్పింది తప్పయితే మాకెలా తెలుస్తుంది?’ దీనికి చిరాకు పడేవాళ్లున్నారు. ‘రోజూ అరగంట ఒత్తుల మీద సాధన చేయించండి. మూడు నెలల తర్వాత ఇదే స్థాయి పాఠంలో ఇరవై తప్పులు పదికి దిగకపోతే నా అంచనాను మళ్లీ చూసుకుంటాను’ అనేవాళ్లూ ఉన్నారు.