ఇంటికొచ్చే ఫిజియోథెరపీ: రేటు కట్టాల్సింది కిలోమీటర్లకా, నిమిషాలకా?

మోకీలు మార్పిడి ఆపరేషన్ అయిన పెద్దాయన నాలుగైదు రోజుల్లో ఇంటికి వచ్చేస్తారు. ఆ వెంటనే మొదలయ్యే వెతుకులాట ఫిజియోథెరపిస్టు కోసం. ఫోన్లు చేస్తే ఒకరు విజిట్‌కు 500 అంటారు, ఇంకొకరు 900 అంటారు. మరొకరు 30 విజిట్లు ఒకేసారి తీసుకుంటే సగానికి సగం తగ్గిస్తామంటారు. ఒకే ఊళ్లో, ఒకే పనికి ఇన్ని ధరలు ఎందుకున్నాయో కుటుంబానికి అర్థం కాదు. మార్కెట్ రేటు ఎంతని అడిగితే ఎవరూ చెప్పలేరు. అయితే ఆ ధర వెనక ఉండాల్సిన లెక్క మాత్రం పెద్ద చిక్కుదేమీ కాదు.

హైదరాబాద్‌లో దిల్‌సుఖ్‌నగర్ దగ్గర ఉంటూ స్కూటర్ మీద తిరిగే ఒక ఫిజియోథెరపిస్టును ఊహించుకుందాం. నెలకు 60 వేలు మిగలాలని, పెట్రోలు కాకుండా పరికరాలు, ఫోను, బండి మరమ్మతు వంటి వాటికి 12 వేలు అవుతాయని అనుకుందాం. 25 పని దినాలకు పంచితే రోజుకు 2,880 రూపాయలు. ఎనిమిది గంటలంటే 480 నిమిషాలు. అంటే ఆయన నిమిషం ఖరీదు 6 రూపాయలు. ఈ అంకెలు ఊరిని బట్టి, అనుభవాన్ని బట్టి మారతాయి కానీ లెక్క తీరు మారదు.

చైతన్యపురిలోని పేషెంటు దగ్గరకు చేరడానికి, లిఫ్టు ఎక్కడంతో సహా 15 నిమిషాలు. వైద్యం 45 నిమిషాలు. చేతులు కడుక్కోవడం, నొప్పి ఎలా ఉందో అడగడం, మోకాలు ఎంత వంగిందో కొలిచి రాసుకోవడం మరో 10. మొత్తం 70 నిమిషాలకు 420 రూపాయలు. రోజంతా ఇలాగే వరసగా పని దొరికితే దాదాపు ఏడు విజిట్లు పడతాయి. అలా ఎప్పుడూ దొరకదు. సగటున ఐదే పడితే, అదే 2,880 రావాలంటే విజిట్‌కు 576 పడాలి. కాబట్టి దగ్గరి ఇంటికి 600 అడిగితే అందులో దురాశ ఏమీ లేదు.

ఇప్పుడు హయత్‌నగర్ పేషెంటు. దూరం సుమారు 12 కిలోమీటర్లు, ట్రాఫిక్‌లో 40 నిమిషాలు. కిలోమీటరుకు ఇంత అని అదనంగా తీసుకునేవాళ్లు సాధారణంగా ఇక్కడే పొరపడతారు. స్కూటర్‌కు రానూపోనూ పెట్రోలు 60 రూపాయలకు అటూ ఇటూ. అసలు ఖర్చు కాలం. వెళ్లడానికి 40, తిరిగి రావడానికి 40, అక్కడ 55 నిమిషాలు కలిపి 135 నిమిషాలు, అంటే 810 రూపాయలు. రోజులో ఖాళీ గంటలను లెక్కలోకి తీసుకోకుండానే దగ్గరి విజిట్‌కు దాదాపు రెండింతలు. అదే దూరం మధ్యాహ్నం రెండు గంటలకు వెళితే 25 నిమిషాల్లో అయిపోవచ్చు. అప్పుడు లెక్క 630కి దిగుతుంది. కిలోమీటర్లు మారలేదు, ధర మారింది. సాయంత్రం ఆరు గంటల స్లాటుకూ మధ్యాహ్నం స్లాటుకూ ఒకే రేటు పెట్టే పద్ధతి అందుకే నిలబడదు.

హయత్‌నగర్‌లో అదే పూట ఇంకో పేషెంటు దొరికారనుకుందాం. వాళ్లిద్దరి ఇళ్ల మధ్య 10 నిమిషాలు. మొత్తం ప్రయాణం 90 నిమిషాలు ఇద్దరికీ పంచితే తలకు 45. విజిట్ 100 నిమిషాలకు, 600 రూపాయలకు వస్తుంది. ఒకే అపార్టుమెంటులో ఇద్దరు దొరికితే ఇంకా తగ్గుతుంది. అంటే దూరపు కాలనీ ధరను ఆ పూట పక్కింట్లో ఇంకెవరైనా ఉన్నారా అన్నదే ఎక్కువగా నిర్ణయిస్తుంది. యాప్ కంపెనీలు నగరమంతటికీ ఒకే ధర పెట్టినప్పుడు ఈ తేడా మాయం కాదు, ఎవరో ఒకరి మీద పడుతుంది. 800 వసూలు చేసి అందులో 30 శాతం కమిషన్ పట్టుకుంటే థెరపిస్టుకు 560 చేరుతుంది. చైతన్యపురికి అది బొటాబొటిగా సరిపోతుంది. హయత్‌నగర్‌కు నష్టం. అలాంటి చోట్ల థెరపిస్టులు వారం వారం మారిపోతున్నారని కుటుంబాలు ఫిర్యాదు చేస్తే, కారణం చాలాసార్లు ఈ లెక్కలోనే ఉంటుంది.

సెషన్ నిడివి దగ్గర పొరపాటు మరో రకం. అరగంట సెషన్‌కు గంట సెషన్‌లో సగం ధర ఉండాలని పేషెంట్లు ఆశిస్తారు. దగ్గరి ఇంటికే చూస్తే అరగంట వైద్యానికి మొత్తం 55 నిమిషాలు, 330 రూపాయలు. గంటకు 85 నిమిషాలు, 510. ప్రయాణం, నోట్సు రెండింటికీ ఒకటే కాబట్టి వైద్యం రెట్టింపైనా ఖర్చు ఒకటిన్నర రెట్లే. సగం ధరకు ఒప్పుకున్న థెరపిస్టు ఆ లోటును ఎక్కడో పూడ్చుకుంటాడు. ఎక్కువగా జరిగేది ఏమిటంటే, 45 నిమిషాల్లో 20 నిమిషాలు కరెంటు మెషీన్ ప్యాడ్లు తగిలించో, వేడి కాపడం పెట్టో గడిచిపోతాయి. వాటికి కొన్నిసార్లు ప్రయోజనం లేకపోలేదు. కానీ మోకీలు ఆపరేషన్ తర్వాత ప్రధానమైన పని కాలు పూర్తిగా చాచగలగడం, వంచగలగడం, తొడ కండరానికి బలం తేవడం, సరిగ్గా నడిపించడం. థెరపిస్టు చేయి, కన్ను పేషెంటు మీద ఎన్ని నిమిషాలున్నాయో ఇంట్లో వాళ్లు ఒక రోజు గడియారం చూసుకుంటే తెలిసిపోతుంది.

ఇక ప్యాకేజీ. ముందే 20 విజిట్లు ఖాయమైతే థెరపిస్టుకు నిజంగా మిగిలేది ఏమిటి? పక్కా స్లాటు, ఖాళీ గంటల తగ్గుదల. ప్యాకేజీల వల్ల రోజుకు ఐదు విజిట్లు ఆరైతే, విజిట్‌కు రావాల్సింది 576 నుంచి 480కి దిగుతుంది. అంటే దాదాపు 17 శాతం. ఆ మేరకు ఇచ్చే తగ్గింపుకు ఆధారం ఉంది. 40, 50 శాతం తగ్గింపు అంటే మాత్రం అసలు ధరను ముందే పెంచి చూపారన్నా అనుకోవాలి, అవసరానికి మించి విజిట్లు అంటగడుతున్నారన్నా అనుకోవాలి.

ఆ రెండోదే ఎక్కువ నష్టం. పేషెంటు కోలుకుంటున్న కొద్దీ విజిట్లు పలచబడాలి. ఉదాహరణకు మొదటి రెండు వారాలు వారానికి ఐదు, తర్వాత రెండు వారాలు మూడేసి, ఆపై రెండు వారాలు రెండేసి అనుకుంటే మొత్తం 20. మధ్య రోజుల్లో పేషెంటు స్వయంగా వ్యాయామాలు చేసుకోవాలి. ఇదే మనిషికి వరసగా 30 రోజుల ప్యాకేజీ అమ్మితే, చివరి పది రోజుల్లో తనంతట తాను చేసుకోగలిగిన వ్యాయామాలకే డబ్బు కడతాడు. పక్షవాతం వచ్చినవారి సంగతి వేరు, అక్కడ నెలల తరబడి విజిట్లు అవసరం కావచ్చు. అక్కడ కూడా ఎనిమిది పది విజిట్లకోసారి కొలతలు చూసి ముందుకు పోవడమే పద్ధతి. ప్యాకేజీ కూడా అంతవరకే ఉంటే తగాదా తక్కువ.

తగాదా వచ్చేది మధ్యలో మానేసినప్పుడు. విడిగా 700, ప్యాకేజీలో 550 చొప్పున 20 విజిట్లకు 11,000 ముందే కట్టారనుకుందాం. ఎనిమిదో విజిట్ తర్వాత ఆపేస్తే, ప్యాకేజీ రేటున అయింది 4,400, తిరిగి రావాల్సింది 6,600. కంపెనీ విడి రేటున లెక్కిస్తే 5,600 పట్టుకుని 5,400 ఇస్తుంది. తేడా 1,200. పేషెంటు తన ఇష్టంతో మానేస్తే రెండో లెక్కకు కొంత న్యాయం ఉంది. థెరపిస్టు రాకపోతేనో, పదేపదే మనిషిని మారిస్తేనో లేదు. ఏ సందర్భంలో ఏ లెక్కో డబ్బు కట్టేముందే రాతలో ఉండాలి. అలాగే పేషెంటు వైపు నుంచీ: థెరపిస్టు గుమ్మం దాకా వచ్చాక ఈ రోజు వద్దంటే, ఆ ప్రయాణ నిమిషాలు పోయినట్టే. ఆ విజిట్‌ను లెక్కలో వేసుకోవడం అన్యాయం కాదు.

ఫిజియోథెరపిస్టుల రిజిస్ట్రేషన్ కోసం 2021లో అనుబంధ వైద్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం వచ్చింది. కానీ ఇంటి విజిట్ ధరలు కట్టడం దాని పని కాదు. అందుకే బేరం ఇప్పటికీ గుమ్మం దగ్గరే జరుగుతోంది. డిశ్చార్జ్ తర్వాత ఖర్చులు ఇచ్చే బీమా పాలసీ ఉన్నవారైతే, ప్యాకేజీకి ఒకే రసీదు కాకుండా తేదీల వారీగా బిల్లు, డాక్టరు రాసిచ్చిన చీటీ దగ్గర పెట్టుకోవడం అవసరం. ఇంటి విజిట్లకు ఆ పాలసీ వర్తిస్తుందో లేదో మాత్రం మొదటి విజిట్‌కు ముందే అడిగి తెలుసుకోవాలి.