దీపం వెలుగు దీపంలాగే..!

గర్భగుడిలో నూనెదీపాల వెలుగులో తీసిన వీడియోను కంప్యూటర్లో చూస్తే పూజారి మొహం నారింజపండులా కనిపిస్తుంది. తప్పు కెమెరాది కాదు. నూనెదీపం వెలుగు రంగు సుమారు 1,900 కెల్విన్లు. కెమెరాలో బల్బు వెలుగుకు ఉద్దేశించిన సెట్టింగు 3,200. ఆ తేడాయే ఎరుపుగా మిగులుతుంది.

దాన్ని పోగొట్టాలని చాలామంది పూజారి పంచె మీద క్లిక్ చేసి, ఇదే తెలుపని సాఫ్ట్‌వేర్‌కు చూపిస్తారు. పంచె తెల్లబడుతుంది కానీ జ్వాల ట్యూబులైటులా పాలిపోతుంది. పైగా దీపం వెలుగులో నీలం చాలా తక్కువ. లేని నీలాన్ని పెంచేసరికి చీకటి గోడల మీద చుక్కలు చుక్కలుగా నాయిస్ తేలుతుంది. అందుకే సవరణ సగం వరకే చాలు. పంచె మీగడ రంగులోకి రాగానే ఆపేయాలి.

తర్వాత మొహం. అంతవరకే మాస్కు వేసి వెక్టర్‌స్కోప్ చూడాలి. అందులో ఎరుపు, పసుపుల మధ్య చర్మానికో గీత ఉంటుంది. మనిషి తెలుపైనా నలుపైనా ఒంటి రంగు దాని దరిదాపుల్లోనే పడుతుంది. దీపకాంతి కాబట్టి గీతకు కాస్త అటూఇటూగా ఉన్నా ఫర్వాలేదు. రంగు మరీ చిక్కగా ఉంటే గాఢత తగ్గించాలి.

చివరగా జ్వాల. బాగా వెలిగే భాగాన్నే ఎంచుకుని గాఢత తగ్గిస్తే నడిమి లేతపసుపుగా, అంచులు నారింజగా నిలుస్తాయి. కానీ షూటింగులోనే వెలుగు ఎక్కువై జ్వాల తెల్లటి మచ్చగా మారితే, అందులోని వివరాలు ఎంత దిద్దినా తిరిగి రావు. కాబట్టి ఎక్స్‌పోజరు జ్వాలను చూసి పెట్టుకోవాలి, మొహాన్ని చూసి కాదు.