మిర్చి దాస్తే నెలకెంత ఖర్చు?

ధర పడిపోయినప్పుడల్లా మన రైతులు మిర్చిని కోల్డ్ స్టోరేజీలో పెట్టి పెరుగుదల కోసం ఎదురు చూస్తారు. అద్దె ఒక్కటే ఖర్చు అనుకుంటాం. అసలు ఖర్చు నాలుగు భాగాలు: పెట్టుబడి మీద వడ్డీ, నిల్వ, బీమా, తరుగు.

మార్చిలో క్వింటా ధర రూ.12,000 ఉందనుకుందాం. అమ్మితే ఆ డబ్బుతో నూటికి రెండు రూపాయల వడ్డీ అప్పు తీరేది. అమ్మలేదు కాబట్టి నెలకు రూ.240 వడ్డీ పడుతూనే ఉంటుంది. అప్పు లేని రైతు కూడా తన డబ్బు మరోచోట తెచ్చే రాబడిని ఇక్కడ వేసుకోవాలి.

నిల్వకు 40 కిలోల టిక్కీకి సీజన్ అద్దె రూ.200 అయితే, క్వింటాకు రూ.500. హమాలీ, బండి కిరాయి రూ.100. బీమా అర శాతం, రూ.60. బీమా అద్దెలోనే కలిసి ఉందా, ఎంత విలువకు చేశారు అన్నది సరుకు దించే ముందే అడగాలి. తేమ ఆరి బరువు తగ్గడం, పాడవడం కలిపి నెలకు అర శాతం అనుకుంటే మరో రూ.60.

ఇప్పుడు కూడుదాం. సరుకు లోపల పెట్టగానే పడేది రూ.660. ఆపైన నెలకు రూ.300. ఆరు నెలలకు మొత్తం రూ.2,460. దాన్ని 12,000తో భాగించి 100తో గుణిస్తే 20.5 శాతం. రెండు నెలలకే తీసేస్తే రూ.1,260, అంటే 10.5 శాతం. కాలం మూడో వంతైనా ఖర్చు సగానికి పైనే. అద్దె సీజన్‌కు కట్టేది గనుక తగ్గదు.

ధర రూ.14,460కి చేరితే గట్టెక్కామనుకోవద్దు. అప్పటికి మిగిలేది 97 కిలోలే. తరుగు పోను మిగతా ఖర్చు రూ.2,100 కలిపితే రూ.14,100 రావాలి. అది 97 కిలోల మీదే రావాలి కాబట్టి క్వింటా ధర సుమారు రూ.14,540 ఉండాలి. రంగు దిగితే ఆ ధర కూడా దక్కదు. అందుకే నెలనెలా ఒక టిక్కీ విప్పించి చూసుకోవాలి.

ఈ లెక్కలో సగానికి మించిన భారం వడ్డీదే. అదే నెలకు ఒక రూపాయి వడ్డీ అయితే మొత్తం ఖర్చు 14.5 శాతానికి దిగుతుంది. వేర్‌హౌసింగ్ రెగ్యులేటరీ అథారిటీ వద్ద నమోదైన గోదాము రసీదు మీద, కిసాన్ క్రెడిట్ కార్డున్న సన్న, చిన్నకారు రైతులకు ఆరు నెలల వరకు పంట రుణం వడ్డీకే అప్పిచ్చే ఏర్పాటు ఉంది. మిర్చి దాచే ప్రతి కోల్డ్ స్టోరేజీనీ ఆ నమోదు కిందకు తేవాలన్నది మన డిమాండ్. కౌలు రైతు పేరున కూడా రసీదు రాయాలి, దాని మీద అప్పు ఇవ్వాలి.