తాళం వేసి గొళ్ళెం మరిస్తే

2020 మార్చిలో మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ఆఫీసులు ఖాళీ అవుతున్నప్పుడు అందరి కళ్లూ లిఫ్టుల దగ్గర క్యూల మీదే ఉన్నాయి. ఆ హడావిడిలో మార్చి 13న కేంద్ర టెలికాం విభాగం ఇచ్చిన ఒక సడలింపు పెద్దగా చర్చకు రాలేదు. అంతవరకు బీపీఓ, కాల్ సెంటర్ల వంటి ‘ఇతర సేవా సంస్థల’ ఉద్యోగి ఇంటి నుంచి పనిచేయాలంటే, ఇంటికీ ఆఫీసుకూ మధ్య లైసెన్సున్న టెలికాం కంపెనీయే వేసిచ్చిన వీపీఎన్ ఉండాలి. దానికి తోడు సెక్యూరిటీ డిపాజిట్. ఈ రెండు షరతులనూ ఏప్రిల్ 30 వరకు పక్కన పెట్టి, స్టాటిక్ ఐపీ చిరునామాతో సంస్థలు సొంతంగా అమర్చుకున్న సురక్షిత వీపీఎన్ చాలని ఆ ఉత్తర్వు చెప్పింది. గడువు పెరుగుతూ పోయింది. నవంబరు 5న వచ్చిన కొత్త మార్గదర్శకాలతో పాత రిజిస్ట్రేషన్ పద్ధతే పోయింది.

సైబరాబాద్ కారిడార్‌కు ఇది ఊపిరి పోసిన నిర్ణయమే. అయితే ఆ ఉత్తర్వులో రెండుచోట్లా ఉన్న ‘వీపీఎన్’ ఒకటి కాదు. పేరు ఒకటే, లోపలి సరుకు వేరు. ఈ తేడా తెలియకుండానే చాలామంది ‘మాకు వీపీఎన్ ఉంది’ అని ధీమాగా ఉంటారు.

టెలికాం కంపెనీలు సాధారణంగా ఇచ్చేది ఎంపీఎల్‌ఎస్ వీపీఎన్. ప్యాకెట్ వాళ్ల నెట్‌వర్క్‌లోకి రాగానే దాని ముందు నాలుగు బైట్ల లేబుల్ అతికిస్తారు. ఏ కస్టమర్ ప్యాకెట్ ఏ దారిన పోవాలో, ఎక్కడ దిగాలో ఆ లేబుల్ చెబుతుంది. రైల్లో సామానుకు కట్టిన చీటీ లాంటిది అది. చీటీ ఉంటే సంచి దారి తప్పదు, ఇంకొకరి సామానులో కలిసిపోదు. కానీ సంచికి తాళం లేదు. తీగ మధ్యలో కూర్చున్నవాడు మూత విప్పితే లోపలిదంతా కనిపిస్తుంది. అక్కడ మన నమ్మకమంతా ఆ తీగ యజమాని మీదే. ఇల్లే ఆఫీసైన రోజున ఆ నమ్మకానికి చోటు లేకుండా పోయింది. కరెంటు స్తంభాల మీదుగా వేలాడుతూ వచ్చే బ్రాడ్‌బ్యాండ్ తీగకు ఏ సంస్థా పూచీ పడలేదు. కాబట్టి ప్యాకెట్ తన రక్షణను తనే మోసుకుపోవాలి. ఆ పని చేసేదే ఐపీసెక్.

ఆ ప్యాకెట్ ప్రయాణాన్ని దగ్గరగా చూద్దాం. కేపీహెచ్‌బీ కాలనీలో ఒక ఫ్లాటు అనుకుందాం. భార్యాభర్తలిద్దరిదీ ఒకే కంపెనీ, హాల్లో ఒకటే వైఫై రౌటర్. ఆమె ల్యాప్‌టాప్‌కు రౌటర్ ఇచ్చిన చిరునామా 192.168.1.7. వీపీఎన్ కలిశాక ఆఫీసు గేట్‌వే దానికి 10.50.3.21 అనే రెండో చిరునామా ఇస్తుంది. ఆమె 10.20.0.5 అనే ఆఫీసు సర్వర్‌కు ఏదో పంపింది. ఆ ప్యాకెట్ మీద ‘10.50.3.21 నుంచి 10.20.0.5కు’ అని ఉంటుంది. ఇవి ఆఫీసు లోపల చెల్లే చిరునామాలు, బయటి ఇంటర్నెట్‌లో వీటికి విలువ లేదు. అందుకని ల్యాప్‌టాప్‌లోని ఐపీసెక్ ఆ ప్యాకెట్‌ను చిరునామాతో సహా మొత్తంగా తీసుకుని, చివర కొద్దిపాటి పూరకం చేర్చి, అంతటినీ రహస్య లిపిలోకి మార్చేస్తుంది. దాని ముందు ఈఎస్‌పీ శీర్షిక పెడుతుంది. అందులో నాలుగు బైట్లు ఏ తాళంచెవితో విప్పాలో గేట్‌వేకు చెప్పే గుర్తింపు సంఖ్య, మరో నాలుగు వరుస సంఖ్య. చివర్లో పదహారు బైట్ల ముద్ర. వీటన్నిటి పైన, గేట్‌వే బయటి చిరునామా రాసిన కొత్త ఐపీ శీర్షిక. సొరంగం అని మనం పిలిచేది ఇదే. నేల కింద ఎవరూ ఏమీ తవ్వలేదు, కవరులో కవరు పెట్టారంతే. పై కవరు మీద ఫ్లాటు, గేట్‌వే తప్ప మరేదీ కనిపించదు.

ఇక్కడ ఇంటి రౌటర్‌తో ఒక చిక్కు వస్తుంది. ఇంట్లో నాలుగు పరికరాలకూ బయటికి ఒకే చిరునామా. జవాబు వచ్చినప్పుడు అది ఎవరిదో రౌటర్ పోర్టు నంబరు చూసి పోల్చుకుంటుంది. ఈఎస్‌పీలో పోర్టు నంబరే లేదు. భార్యాభర్తలిద్దరూ ఒకే గేట్‌వేతో మాట్లాడుతుంటే, వచ్చిన జవాబు ఎవరికివ్వాలో రౌటర్‌కు తెలియదు. దీనికి 2005లో ప్రమాణంగా వచ్చిన పరిష్కారం, ఈఎస్‌పీ ముందు ఎనిమిది బైట్ల యూడీపీ శీర్షిక పెట్టి 4500 పోర్టు మీదుగా పంపడం. మాట్లాడుకోవడానికి ఏమీ లేనప్పుడు కూడా రౌటర్ ఆ లెక్కను మరిచిపోకుండా, మామూలుగా 20 సెకన్లకు ఒకసారి ఒక్క బైటు పంపుతూ ఉంటుంది ల్యాప్‌టాప్.

కవరులో కవరు పెడితే బరువు పెరుగుతుంది కదా. ఆ తొలి వారాల్లో వచ్చి ఉండే ఫిర్యాదుల్లో నాకు బాగా అర్థవంతంగా తోచేది ఈ రకం: “సార్, లాగిన్ అవుతోంది, చాట్ నడుస్తోంది, కోడ్ డౌన్‌లోడ్ మాత్రం మొదలై అక్కడే ఆగిపోతోంది.” లైను నెమ్మదిగా ఉందని బ్రాడ్‌బ్యాండ్ వాళ్లను తిట్టుకుంటారు గానీ, తప్పు వేగానిది కాదు, కొలతది. యూజర్‌నేమ్, పాస్‌వర్డు అడిగే పీపీపీఓఈ రకం లైనులో ఒక ప్యాకెట్ 1492 బైట్లు దాటకూడదు. ఏఈఎస్-జీసీఎం పద్ధతిలో బయటి ఐపీ శీర్షికకు 20, యూడీపీకి 8, ఈఎస్‌పీకి 8, ప్రతి ప్యాకెట్‌కూ మారే ప్రారంభ విలువకు 8, ముద్రకు 16, వెరసి 60 బైట్లు కవర్లకే పోతాయి. మిగిలిన 1432లో చివరి పూరకానికి కనీసం 2. అంటే లోపలి ప్యాకెట్ 1430 బైట్లు మించకూడదు. వీపీఎన్ సెట్టింగులో పాత అలవాటుగా 1500 అనే ఉంటే చిన్న సందేశాలన్నీ హాయిగా పోతాయి, నిండు ప్యాకెట్లు మాత్రం దారిలో రాలిపోతాయి. ‘ఇది పెద్దదైంది, తగ్గించు’ అని రౌటర్లు తిరుగు కబురు పంపాలి. ఆ కబురును ఏదో ఒక ఫైర్‌వాల్ అడ్డుకుంటే పంపినవాడికి కారణమే తెలియదు. విండోస్‌లో పరీక్ష రెండు వరుసలు:

```
ping -f -l 1402 10.20.0.5
ping -f -l 1403 10.20.0.5
```

పింగ్ సొంత శీర్షికలకు 28 బైట్లు కలుస్తాయి కనుక మొదటిది సరిగ్గా 1430. దానికి జవాబు వచ్చి రెండోదానికి రాకపోతే రోగం దొరికినట్టే. గేట్‌వేలో టీసీపీ ముక్క గరిష్ఠ కొలతను 1390కి దించితే కోడ్ కదులుతుంది.

ఇక అసలు సంగతి. లోపలిది ఎవరికీ అర్థం కాకుండా చేయడం ఒక హామీ. దాన్ని ఎవరూ మార్చలేదని రుజువు చేయడం ఇంకో హామీ. మొదటిది ఉంటే రెండోదీ ఉన్నట్టే అనుకోవడం చాలా సహజమైన పొరపాటు. చదవలేనివాడు ఏం మార్చగలడు అనిపిస్తుంది. కానీ సీబీసీ అనే పాత ఎన్‌క్రిప్షన్ పద్ధతిలో, రహస్య లిపిలో ఒక చోట ఒక బిట్ తిప్పితే, విప్పాక తర్వాతి ఖండంలో సరిగ్గా అదే చోట బిట్ తిరుగుతుంది. ఐపీ శీర్షికలో ఏ అంశం ఎన్నో బైటులో ఉంటుందో లోకమంతటికీ తెలుసు. కాబట్టి తాళం తీయకుండానే లోపలి చిరునామాను దిద్దవచ్చు. స్టీవెన్ బెలోవిన్ 1996లోనే ఇలాంటి ప్రమాదాల గురించి రాశారు. 2006లో కెన్నెత్ పాటర్సన్, ఆర్నాల్డ్ యావ్ లినక్స్‌లోని ఐపీసెక్ మీద దీన్ని చేసి చూపించారు. ఎన్‌క్రిప్షన్ మాత్రమే పెట్టుకున్న సొరంగంలో ప్యాకెట్లను అలా దిద్ది వదిలితే, గేట్‌వే తనంతట తానే వాటిని విప్పి, లోపలి విషయాన్ని దాడిచేసినవాడి వైపు పంపేసింది. సమగ్రత లేనందుకు రహస్యమూ పోయింది. తాళం వేసితిని, గొళ్ళెం మరచితిని అనే సామెత దీని కోసమే పుట్టిందా అనిపిస్తుంది నాకు.

పదహారు బైట్ల ముద్రే ఆ గొళ్ళెం. ఈఎస్‌పీ శీర్షికనూ రహస్య లిపినీ రహస్య తాళంచెవితో కలిపి లెక్కగట్టిన విలువ అది. గేట్‌వే మళ్లీ లెక్కవేసి, ఒక్క బిట్ తేడా వచ్చినా ప్యాకెట్‌ను విప్పిన రూపంలో ముందుకు పోనివ్వదు. ఏఈఎస్-జీసీఎంలో ఈ రెండు పనులూ ఒకే గణనలో జరుగుతాయి, కాబట్టి ఒకటి మరిచే వీలే లేదు. బయటి ఐపీ శీర్షిక మాత్రం ఈ ముద్ర కిందకు రాదు. దాన్ని కూడా కలిపే ఏహెచ్ అనే పాత పద్ధతి ఐపీసెక్‌లో ఉంది గానీ, ఇంటి రౌటర్ బయటి చిరునామాను మార్చగానే ఆ ముద్ర చెల్లదు. పైగా ఏహెచ్ దేన్నీ దాచదు. ఇళ్ల నుంచి పనిచేసే చోట అది పనికిరాదు.

మార్చకపోయినా, అసలైన ప్యాకెట్‌నే పట్టి మళ్లీ మళ్లీ పంపేవాడు ఉంటే? వరుస సంఖ్య అందుకే. గేట్‌వే మామూలుగా ఇటీవలి 64 సంఖ్యలను గుర్తుంచుకుని, వచ్చినదే మళ్లీ వస్తే పారేస్తుంది. ఆ 64 సంఖ్యల కిటికీ కంటే వెనకబడి వచ్చినదాన్నీ పారేస్తుంది. ఇది మంచి రక్షణే కానీ దీనికో మూల్యం ఉంది. 50 ఎంబీపీఎస్ లైను నిండుగా నడుస్తుంటే 64 పెద్ద ప్యాకెట్లు పోవడానికి పట్టేది దాదాపు 15 మిల్లీసెకన్లు. కాల్ సెంటర్ మాటల ప్యాకెట్లకు దారిలో ప్రాధాన్యం ఇస్తే, డేటా ప్యాకెట్లు అంతకంటే వెనకబడటం కష్టమేమీ కాదు. అప్పుడు ఏ దొంగా లేకుండానే ప్యాకెట్లు పోతాయి. లినక్స్ గేట్‌వేలో `/proc/net/xfrm_stat` తెరిస్తే `XfrmInStateSeqError` అంకె పెరుగుతూ కనిపిస్తుంది. ఆ పట్టున కొందరు రక్షణనే ఆపేస్తారు. చేయాల్సింది కిటికీని పెద్దది చేయడం.

ఇన్ని ఉన్నా ఐపీసెక్ మాట గేట్‌వే గడప దగ్గర ముగుస్తుంది. అక్కడ కవరు విప్పాక, సర్వర్ దాకా ప్యాకెట్ మామూలుగానే పోతుంది, ఆ ముక్కకు టీఎల్‌ఎస్ వంటి వేరే రక్షణ ఉంటే తప్ప. దారి మధ్యలో కూర్చున్నవాడికి లోపలి మాట వినిపించకపోయినా ఎప్పుడు, ఎంత, ఎంతసేపు అన్నది కనిపిస్తూనే ఉంటుంది. తాళంచెవులు ఉన్న ల్యాప్‌టాప్‌లోనే వైరస్ చేరితే, అది పంపే ప్యాకెట్‌కు కూడా అంతే నిక్కమైన ముద్ర పడుతుంది.

విదేశీ క్లయింట్ల ఆడిట్ పత్రాల్లో ‘వీపీఎన్ ఉందా’ అన్న గడిలో టిక్కు పెట్టి ముందుకు వెళ్లడం నాకు కలవరం కలిగిస్తుంది. ఎంపీఎల్‌ఎస్ చీటీకీ ఆ టిక్కే, ఏఈఎస్-జీసీఎం సొరంగానికీ ఆ టిక్కే. ఈఎస్‌పీలోనే ఎన్‌క్రిప్షన్‌ను ‘నల్’ అని పెట్టుకుని ముద్ర మాత్రమే వేసే వీలు కూడా ప్రమాణంలో ఉంది, దానికీ ఆ టిక్కే పడుతుంది. గేట్‌వే లినక్స్‌ది అయితే అడ్మిన్ చేత `ip xfrm state` కొట్టించి, తెరమీద `rfc4106(gcm(aes))` కనిపిస్తోందా, దాని పక్కన 128 ఉందా అని చూడటానికి నిమిషం పట్టదు. ఆ 128 బిట్లే పదహారు బైట్ల ముద్ర.