ఇన్‌ఫ్లేషన్ తగ్గిందట, మరి మన బిల్లు ఎందుకు తగ్గలేదు?

ఈ మధ్య ఐర్లండ్‌లో మన తెలుగు ఆడవాళ్ళు నలుగురు కలిస్తే చాలు, ఈ ప్రశ్న వస్తోంది. "ఇన్‌ఫ్లేషన్ తగ్గిపోయిందని వార్తల్లో చెబుతున్నారు కదా అక్కా, మరి మన సామాన్ల బిల్లు ఎందుకు తగ్గలేదు? జీతం చూస్తే అక్కడే ఉందాయె!" ఇందులో నిజానికి రెండు ప్రశ్నలున్నాయి. జీతం పెరగకుండా ధరలు ఎలా పెరిగాయి? పెరిగినవి మళ్ళీ ఎందుకు దిగలేదు?

ముందు మాట అర్థం చేసుకుందాం. ఇన్‌ఫ్లేషన్, అంటే ద్రవ్యోల్బణం, ఏదో ఒక వస్తువు రేటు పెరగడం కాదు. 2023 జులై 20న ఇండియా బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతి ఆపేసింది. దాంతో విదేశాల్లో ఉన్న మనవాళ్ళు సోనా మసూరి బస్తాల కోసం పరుగులు తీశారు. అది ఒక వస్తువుకి వచ్చిన కొరత. 2024 సెప్టెంబరులో ఆ నిషేధం తీసేశారు కూడా. బియ్యం, పాలు, కరెంటు, అద్దె, బస్సు టికెట్టు, క్షవరం... ఇలా మొత్తం ఇంటి ఖర్చుల బుట్ట ఖరీదు ఏడాదిలో ఎంత శాతం పెరిగిందో చెప్పేదే ఇన్‌ఫ్లేషన్. ఇక్కడ ఆ లెక్క ప్రతి నెలా సెంట్రల్ స్టాటిస్టిక్స్ ఆఫీస్ వాళ్ళు కడతారు.

ఇక మొదటి ప్రశ్న. 2022 అక్టోబరులో ఐర్లండ్ ఇన్‌ఫ్లేషన్ 9.2 శాతానికి చేరింది. మన చేతుల్లో డబ్బు ఎక్కువై, ఎగబడి కొన్నందువల్ల మాత్రమే అంత పెరగలేదు. పెద్ద కారణం గ్యాస్. ఐర్లండ్ వాడే గ్యాస్‌లో కొంత మేయో తీరంలోని కోరిబ్ బావుల్లోంచి వస్తుంది. ఎక్కువ భాగం మాత్రం సముద్రం కింది పైపుల్లో బ్రిటన్ నుంచి వస్తుంది. అందుకే 2021లో యూరప్‌లో గ్యాస్ రేటు ఎక్కడం మొదలై, 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధంతో ఆకాశానికంటితే, ఆ సెగ ఇక్కడికీ తగిలింది.

గ్యాస్ రేటు మన స్టవ్ దగ్గరే ఆగదు. 2022లో ఇక్కడి కరెంటులో సుమారు సగం గ్యాస్‌తోనే తయారైంది. పైగా హోల్‌సేల్ కరెంటు మార్కెట్‌లో, ఆ గంట అవసరం తీరడానికి చివరగా తెచ్చుకున్న ఖరీదైన ప్లాంటు రేటే అందరికీ వర్తిస్తుంది. చాలాసార్లు ఆ చివరిది గ్యాస్ ప్లాంటే. అందుకే గాలిమరల కరెంటు కూడా గ్యాస్ రేటుకే అమ్ముడవుతుంది. కెమిస్ట్రీ చదివినవాళ్ళకి ఇంకో దారి కూడా గుర్తుండాలి. నత్రజని ఎరువులకి మూలం అమ్మోనియా, దాన్ని ఎక్కువగా సహజవాయువుతోనే చేస్తారు. ఎరువు ఖరీదైతే రైతుకి గడ్డి ఖరీదు, గడ్డి ఖరీదైతే పాలు ఖరీదు. పాల డైరీ, బేకరీ, కోల్డ్ స్టోరేజీ అన్నీ కరెంటు మీదే నడుస్తాయి. ఇలా ఒక్క గ్యాస్ రేటు బుట్టలోని ప్రతి వస్తువులోకీ దూరింది.

మరి మనం అదనంగా కట్టిన డబ్బు ఎవరికి వెళ్ళింది? చాలావరకు గ్యాస్ అమ్మినవాళ్ళకి, అంటే దేశం బయటికి. బేకరీ ఓనర్ బ్రెడ్ రేటు పెంచాడంటే అతని చేతిలో ఎక్కువ మిగిలిందని కాదు, కరెంటు బిల్లు కట్టాలి కాబట్టి పెంచాడు. అలాంటప్పుడు పనివాళ్ళ జీతం పెంచడానికి డబ్బు ఎక్కడిది? ధరలు పెరిగినా జీతాలు కదలకపోవడానికి అసలు కారణం ఇదే. పైగా షాపులో రేటు ఏ సోమవారమైనా మారుతుంది, జీతం గురించి ఏడాదికి ఒకసారే మాట్లాడతారు.

ఇక రెండో ప్రశ్న. ఏడాది సగటు ఇన్‌ఫ్లేషన్ 2022లో 7.8 శాతం, 2023లో 6.3, 2024లో 2.1. చూడ్డానికి తగ్గుతున్నట్టే ఉంది. కానీ ఇది కారు స్పీడోమీటర్ లాంటిది. 78లో వెళ్ళే కారు 21కి తగ్గితే మెల్లగా వెళ్తోందని అర్థం, వెనక్కి వస్తోందని కాదు. 2021లో 100 యూరోలున్న బుట్ట 2022లో 107.80 అయింది. దాని మీద 6.3 శాతం పెరిగి 2023లో 114.60 అయింది. దాని మీద మళ్ళీ 2.1 శాతం పెరిగి 2024లో 117 అయింది. వడ్డీ మీద వడ్డీ లాగే ఇదీ.

ఇంట్లోకి వచ్చే జీతం 2021లోనూ 2024లోనూ నెలకి 3000 యూరోలే అనుకుందాం. 3000ని 1.17తో భాగిస్తే 2564. అంటే 2024లో 3000కి వచ్చిన సామాను 2021లో 2564కే వచ్చేది. జీతం కోసినట్టు స్లిప్‌లో ఎక్కడా కనపడదు గానీ, నెలకి 436 యూరోలు కోసినట్టే. మునుపటిలా బతకాలంటే 3510 రావాలి. అందుకే 2023లో ఎవరికైనా 3 శాతం హైక్ వచ్చిందంటే, 6.3 ముందు అది హైక్ కాదు, కోతే.

పెరిగినవి దిగకపోవడానికి కారణం ఉంది. గ్యాస్ తర్వాత బాగానే తగ్గింది, 2023 చివరి నుంచి కరెంటు కంపెనీలు రేట్లు కొంత దించాయి కూడా. కానీ ఈలోపు జీతాలు ఆలస్యంగానైనా కదిలాయి. ఇక్కడి కనీస వేతనం 2022లో గంటకి 10.50 యూరోలు, 2024లో 12.70. షాపువాడి ఖర్చులో అది స్థిరపడిపోయింది. అందుకే గ్యాస్ తగ్గినా బ్రెడ్ పాత రేటుకి రాలేదు. యూరోపియన్ సెంట్రల్ బ్యాంక్ 2022 జులై నుంచి 2023 సెప్టెంబరు దాకా వరసగా పదిసార్లు వడ్డీ పెంచింది. దాని ఉద్దేశం కూడా వేగాన్ని 2 శాతానికి దించడమే, ధరల్ని వెనక్కి తేవడం కాదు.

ఒక్క మాట. 117 అనేది దేశం మొత్తం సగటు. మీ ఇంటి అంకె వేరుగా ఉంటుంది. దాన్ని మీరే కట్టుకోవచ్చు. ఉదాహరణకి ఒక ఇంట్లో అద్దె 1500 నుంచి 1530కి, కరెంటు 120 నుంచి 180కి, సరుకులు 480 నుంచి 588కి పెరిగాయనుకోండి. శాతాల్లో ఇవి 2, 50, 22.5. మూడింటినీ కూడి మూడుతో భాగిస్తే దాదాపు 25 వస్తుంది, కానీ ఆ పద్ధతి తప్పు. మొత్తం ఖర్చు 2100 నుంచి 2298కి పెరిగింది, అంటే 9.4 శాతమే. ఎక్కువ ఖర్చయ్యే అద్దె తక్కువ పెరిగింది కాబట్టి. 2021 డిసెంబరు నుంచి రెంట్ ప్రెషర్ జోన్లలో అద్దె ఏడాదికి 2 శాతానికి మించి పెంచకూడదన్న నియమం ఉండేది. ఆ ప్రాంతాల్లో పాత ఇంట్లోనే ఉన్నవాళ్ళ లెక్క ఇలా తేలుతుంది. అప్పుడే అద్దెకిచ్చిన కొత్త ఫ్లాట్‌లో దిగినవాళ్ళ లెక్క ఇంతకన్నా చాలా ఎక్కువ.

ఈ లెక్క వేసేటప్పుడు ప్యాకెట్ ధర కాకుండా షెల్ఫ్ లేబుల్ మీద చిన్న అక్షరాల్లో ఉండే కిలో ధర, లీటరు ధర పోల్చండి. రేటు మార్చకుండా 500 గ్రాముల ప్యాకెట్‌ని 450కి కుదిస్తే, కిలోకి 11 శాతం పెరిగినట్టే. ఇంట్లో ఎవరికైనా జీతం గురించి మాట్లాడే రోజు వచ్చినప్పుడు, కిందటిసారి జీతం పెరిగిన నెల నుంచి ఇప్పటిదాకా ఇన్‌ఫ్లేషన్ మొత్తం ఎంతయిందో ముందే కట్టి చేతికివ్వండి. అంతకన్నా తక్కువ ఇస్తామంటే, అది పెంపు కాదని వాళ్ళకీ తెలియాలి.